ఇంకొక్క కార్డు: ఎప్పుడు తీయాలి, ఎక్కడ ఆగాలి

ప్రేమ గురించి టారో కార్డులు వేసుకునేవాళ్లందరికీ ఈ పరిస్థితి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మూడు కార్డులు పరిచారు. ఒక కార్డులో ఎవరో ప్రేమగా దగ్గరికి వస్తున్నారు, పక్క కార్డులో ఎవరో వీపు తిప్పి వెళ్లిపోతున్నారు. ఉన్నట్టా, లేనట్టా? ‘ఇంకొక్క కార్డు తీస్తే తెలిసిపోతుంది’ అనిపిస్తుంది. తీస్తారు. అది మరో మాట చెబుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంకొకటి తీస్తారు. అరగంట గడిచేసరికి మంచం మీద పదిహేను కార్డులుంటాయి. మొదట ఏం అడిగారో గుర్తుండదు, గుండెదడ మాత్రం కూర్చున్నప్పటికంటే పెరిగి ఉంటుంది.

ఇలా అదనంగా తీసే కార్డును టారో రీడర్లు క్లారిఫయర్ అంటారు. అర్థంకాని కార్డును విప్పి చెప్పడానికి దాని పక్కన పెట్టే తోడు కార్డు అది. అసలు తీయకూడదనే రీడర్లు కొందరున్నారు, అడిగినన్ని తీసేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నేను తీస్తాను. అయితే, ఆ కార్డు పరిచిన కార్డుల్లో ఒకదాన్ని ప్రశ్నించాలి తప్ప, మొదట అడిగిన ప్రశ్నను మళ్లీ అడగకూడదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఎక్కడ ఆగాలో చాలావరకు దానంతట అదే తెలుస్తుంది.

ఈ పద్ధతికి పాత ఆధారం కూడా ఉంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్న 78 కార్డుల కట్ట 1909లో లండన్‌లో అచ్చయింది. బొమ్మలు వేసింది పమేలా కోల్మన్ స్మిత్, వేయించింది ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్. ఆ కార్డులను ఎలా చదవాలో వివరిస్తూ వెయిట్ రాసిన పుస్తకంలో పది కార్డులు పరిచే పద్ధతి ఒకటి ఉంది. అందులో పదో కార్డు ఫలితం చెబుతుంది. ఆ కార్డు ఎటూ తేల్చకపోతే ఏం చేయాలన్నది కూడా ఆయన రాశారు. ఆ పదో కార్డునే మధ్యలో పెట్టి, మిగిలినవి కలిపి, దాని చుట్టూ మళ్లీ పరవమన్నారు. అక్కడ రాజు, రాణి, నైట్, పేజ్ లాంటి మనిషి కార్డు వచ్చినప్పుడు కూడా అలా చేయవచ్చన్నారు. అంటే రెండోసారి పరిచేటప్పుడు మొదలు పెట్టాల్సింది అర్థంకాని ఆ కార్డు దగ్గరే. నచ్చని జవాబును పక్కన పడేసి మొదటికి రావడానికి ఆయన పద్ధతిలో చోటు లేదు.

ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. కార్డు నిజంగా అర్థం కాలేదా, లేక అర్థమైంది కానీ నచ్చలేదా? ప్రేమ విషయంలో ఈ రెండూ ఇట్టే కలిసిపోతాయి. త్రీ ఆఫ్ స్వోర్డ్స్ కార్డు చూడండి: వాన కురుస్తుంటే ఎర్రటి గుండెలో మూడు కత్తులు దిగి ఉంటాయి. అందులో అర్థం కానిదేముంది? అయినా క్లారిఫయర్ తీయాలనిపించేది ఎక్కువగా అలాంటి కార్డు వచ్చినప్పుడే. అందుకే కొత్త కార్డు తీసేముందు కాగితం మీద ఒక వాక్యం రాయాలి: ‘ఈ కార్డు ఈ స్థానంలో ఇలా చెబుతోంది’. ఆ వాక్యం పూర్తయిందంటే కార్డు అర్థమైనట్టే. అది బాధపెట్టవచ్చు, కానీ దానికి క్లారిఫయర్ అక్కరలేదు. వాక్యం మధ్యలో కలం ఆగిపోయి, ‘ఇది అతనా, నేనా?’ అనో, ‘ఈ రెండు కార్డులూ ఎలా పొసుగుతాయి?’ అనో నిజంగా తోచకపోతే అప్పుడు తీయవచ్చు. కలం ఏ మాట దగ్గర ఆగిందో అదే క్లారిఫయర్‌ను అడగవలసిన ప్రశ్న.

ఒక్కోసారి తప్పు కార్డులది కాదు, మొదట అడిగిన ప్రశ్నది. ‘అతను నన్ను పెళ్లి చేసుకుంటాడా?’ అని అడిగి మూడు కార్డులు పరిస్తే, అవునో కాదో తేలాల్సిన చోట మూడు బొమ్మలు మూడు కథలు చెబుతాయి. అలాంటప్పుడు ఎన్ని క్లారిఫయర్లు తీసినా లాభం లేదు. మరో మనిషి మనసులో ఏముందో కార్డులు చూసి రాలేవు. మన ముందున్న పరిస్థితిని మనం ఏ కోణంలో చూడటం లేదో అది చూపించడం వరకే వాటికి చేతనయ్యేది. కాబట్టి ప్రశ్న ‘ఈ బంధం ఇప్పుడు ఎలా ఉంది, అందులో నేను చూడనిదేమిటి?’ అన్న తీరులో ఉండాలి.

ఒక రీడింగ్‌ను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి అనుకుందాం. పెద్దలు చూసిన సంబంధమే, కానీ ఐదు నెలలుగా ఫోన్లలో, కాఫీ షాపుల్లో మాట్లాడుకుని ఇద్దరూ ఇష్టపడ్డారు. మూడు వారాలుగా మాత్రం అతని మెసేజ్‌లు పలచబడ్డాయి. వస్తే తీయగానే వస్తాయి, కానీ ముహూర్తం మాట ఎత్తితే ‘చూద్దాం’ అంటాడు. ఆమె మూడు కార్డులు పరిచింది. మొదటిది తన స్థితి, రెండోది అతను కనిపిస్తున్న తీరు, మూడోది ఇద్దరి మధ్య జరుగుతున్నది.

మొదటి చోట టూ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, రెండు కత్తులను ఛాతీ మీద అడ్డంగా పట్టుకుని ఉంటుంది. రెండో చోట నైట్ ఆఫ్ కప్స్. కవచం వేసుకున్న యువకుడు ఒక చేత్తో కప్పు ముందుకు చాచి, గుర్రాన్ని మెల్లగా నడిపించుకుంటూ వస్తుంటాడు. ప్రేమ ప్రతిపాదన అనగానే చాలామంది రీడర్లకు మొదట తట్టే కార్డుల్లో ఇదొకటి. మూడో చోట ఎయిట్ ఆఫ్ కప్స్. రాత్రివేళ, ఎర్రటి వస్త్రం కప్పుకున్న మనిషి చేతికర్రతో కొండల వైపు వెళ్లిపోతుంటాడు, పేర్చిన ఎనిమిది కప్పులు అతని వెనక మిగిలిపోతాయి.

మొదటి కార్డుకు వాక్యం సులువుగానే వచ్చింది: ‘నేను నిర్ణయం తీసుకోకుండా కళ్లు మూసుకుని కూర్చున్నాను.’ రెండోదీ కష్టం కాలేదు: ‘అతని మాటల్లో ఇష్టం కనిపిస్తోంది.’ మూడోదాని దగ్గర కలం ఆగింది. ‘వెళ్లిపోవడం’ అని రాసి ఆపేసింది. ఇష్టం ఉన్నవాడు వెళ్లిపోవడమేమిటి?

అప్పుడే కొత్త కార్డు తీసేయకుండా ఉన్న కార్డులనే ఇంకోసారి చూస్తే చాలాసార్లు సగం ముడి విడిపోతుంది. ఎయిట్ ఆఫ్ కప్స్‌లో కప్పులు పేర్చిన తీరు గమనించండి. కింద ఐదు, పైన మూడు. పై వరుసలో ఒక కప్పు పట్టేంత ఖాళీ ఉంది. ఆ కప్పుల్లో ఒక్కటీ పగలలేదు, ఒరిగిపోలేదు. ఉన్నదాంట్లో ఏదో ఒకటి తక్కువైంది, దాని కోసం ఆ మనిషి బయలుదేరాడు. ఇలా చూస్తే నైట్ ఆఫ్ కప్స్‌తో గొడవే లేదు. ఇష్టం ఉండగానే ఏదో వెలితి ఉండవచ్చు. ఇక మిగిలింది ఒక్కటే: ఆ ఖాళీ ఏమిటి?

ఇది చక్కని క్లారిఫయర్ ప్రశ్న. ఇది ఒక్క కార్డుకు సంబంధించింది, ఆ కార్డులోనూ ఒక్క భాగానికి. జవాబు అవును, కాదు అని కాకుండా ఒక వస్తువుగానో గుణంగానో రావచ్చు. ‘అతను వెళ్లిపోతాడా?’ అని అడిగి ఉంటే మొదటి ప్రశ్నే కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టయ్యేది.

ఆమె ఆ ప్రశ్నను కాగితం మీద రాసి, ‘ఒక్క కార్డు’ అని దాని కింద రాసింది. పరిచిన మూడు కార్డులనూ కదపకుండా, మిగిలిన 75 కార్డులను కలిపి పైనున్నది తీసింది. దాన్ని ఎయిట్ ఆఫ్ కప్స్‌కు ఆనించి, కాస్త కిందకు పెట్టింది. పెట్టే చోటును తేలిగ్గా తీసుకోకూడదు. క్లారిఫయర్‌ను వరుసలో నాలుగో కార్డుగా పెడితే కంటికి అది కథలో తర్వాతి ఘట్టంలా కనిపిస్తుంది, ‘ఆ తర్వాత ఇలా జరుగుతుంది’ అని మనసు చదివేసుకుంటుంది. ఆనించి పెడితే అది మూడో కార్డుకు చెందినదని చూసిన ప్రతిసారీ గుర్తుకొస్తుంది.

వచ్చింది ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. కిరీటం పెట్టుకున్న మనిషి ఒక నాణేన్ని గుండెకు రెండు చేతులా అదుముకుని కూర్చుంటాడు. కిరీటం మీద ఒక నాణెం, రెండు కాళ్ల కింద రెండు. వెనక ఊరంతా ఉంది, అతను మాత్రం కదలడు. కదిలితే నాణెం జారిపోతుంది. పుస్తకంలో చూస్తే ఈ కార్డుకు పిసినారితనం, భద్రత, ఆస్తి, పట్టుదల లాంటి అర్థాలు దొరుకుతాయి. క్లారిఫయర్‌ను ఆ జాబితా నుంచి చదివితే దారి తప్పుతాం. ‘అతను డబ్బు మనిషి’ అనే తీర్పు ఒకటి ఎక్కడినుంచో ఊడిపడుతుంది. అడిగిన ప్రశ్న దగ్గరే ఉండి చదవాలి. ఖాళీ ఏమిటి? చేతులు తెరవకపోవడం. పట్టుకున్నదాన్ని వదలడానికి భయపడటం.

చేతులు తెరవనిది ఎవరు? ఇక్కడ ఇంకో కార్డు తీయాలనిపిస్తుంది. అక్కరలేదు, ఆ జవాబు బల్ల మీదే ఉంది. మొదటి కార్డులోని స్త్రీ రెండు చేతులనూ ఛాతీ మీద అడ్డం పెట్టుకుని ఉంది. ఫోర్ ఆఫ్ పెంటకిల్స్‌లోని మనిషీ ఛాతీకి అదుముకునే కూర్చున్నాడు. రెండు బొమ్మలదీ ఒకే భంగిమ. నైట్ ఆఫ్ కప్స్ ఒక్కడే చేయి చాచి ఉన్నాడు, అదీ గుర్రం దిగకుండానే. నేనైతే దీన్ని ఇలా చదువుతాను: ఇద్దరి మధ్య తీయని మాటలకు లోటు లేదు, కానీ అసలు మాట ఒకటి ఎవరూ బయటపెట్టలేదు. అది డబ్బుకో, ఇంటి బాధ్యతకో, ఉద్యోగం ఏ ఊళ్లో అన్నదానికో సంబంధించింది కావచ్చు, ఎందుకంటే పెంటకిల్స్ గుంపు అంతా భూమికి, సంపాదనకు, రోజువారీ బతుకుకు చెందింది. అతను చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు, తన సంగతీ చెప్పలేదు.

ఇలా క్లారిఫయర్ వెనక్కి తిరిగి పరిచిన కార్డుల్లోకే వెలుగు వేస్తే అది సరిగ్గా పని చేసినట్టు. పాత కార్డుల నుంచి మన చూపును లాగేసి కొత్త కథ మొదలుపెట్టిందంటే, దాన్ని క్లారిఫయర్‌గా కాకుండా విడి రీడింగ్‌గా చదువుతున్నామని అర్థం.

అదే అమ్మాయి ఆగలేదనుకుందాం. ‘మరి చివరికి ఏమవుతుంది?’ అని ఐదో కార్డు తీసింది, సన్ వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. నిజమేనా అని ఇంకొకటి తీస్తే ఫైవ్ ఆఫ్ స్వోర్డ్స్, గొడవ కార్డు. కంగారుపడి మరొకటి తీస్తే హెర్మిట్, ఒంటరి ముసలాయన చేతిలో లాంతరు. సన్‌నే నమ్ముదామంటే హెర్మిట్ అడ్డు, హెర్మిట్‌ను పక్కన పెడదామంటే భయం. ఇంతలో ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ చెప్పిన విషయం, అంటే ఆమె చేయగలిగిన ఒకే ఒక్క పని, గుట్ట కింద కప్పబడిపోయింది.

ఇందులో కార్డుల మహిమ ఏమీ లేదు, ఉన్నది లెక్క. లవర్స్, టూ ఆఫ్ కప్స్, టెన్ ఆఫ్ కప్స్, సన్, స్టార్ లాంటివి కలుపుకుని ప్రేమ అడిగినవాళ్లు ఆనందంతో ఎగిరి గంతేసే కార్డులు ఎనిమిది అనుకోండి. నాలుగు కార్డులు బయట ఉన్నాయి, ఆ ఎనిమిదిలో ఒక్కటీ రాలేదు. మిగిలిన 74లో ఒక్క కార్డు తీస్తే ఆ ఎనిమిదిలో ఒకటి వచ్చే అవకాశం నూటికి 11. వరసగా ఆరు తీస్తే, ఒకటైనా వచ్చే అవకాశం సగానికి సగం. గుండె జారిపోయే కార్డులు కూడా ఎనిమిదే అనుకుంటే, ఆ ఆరులో అటో ఇటో ఏదో ఒక గట్టి కార్డు కనిపించే అవకాశం నూటికి 78. తీస్తూ పోతే ఏదో ఒకటి తగలక మానదు. అలా తగిలిన కార్డు ఆమె బంధం గురించి చెప్పదు, ఎన్నిసార్లు చేయి చాపిందో చెబుతుంది.

ఎప్పుడో ఒకసారి, ముందుగా తెలియని వేళకు దొరికే బహుమతి మనిషిని ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దశాబ్దాల కింద పావురాల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. జూదం యంత్రాల ముందు జనం గంటల తరబడి కూర్చోవడానికి కారణంగా కూడా దాన్నే చెబుతారు. సన్ కార్డు వచ్చినప్పుడు దొరికే ఊరట అలాంటిదే. అది కాసేపే ఉంటుంది, ఆ తర్వాత అనుమానం మళ్లీ లేచి ఇంకో కార్డు కావాలంటుంది. తీస్తున్నది అర్థం కోసమా, ఊరట కోసమా అన్నది శరీరమే చెప్పేస్తుంది. కార్డు తిప్పేముందు ఊపిరి బిగపట్టారా? వచ్చిన కార్డు బొమ్మను చూడకముందే ‘మంచిదా, చెడ్డదా’ అని వెతికారా? కలపడం తగ్గిపోయి, పైనుంచి చకచకా లాగేస్తున్నారా? అవునంటే ఆ క్షణంలో మీరు చదవడం మానేశారు.

అందుకే ఎన్ని కార్డులు తీయాలన్నది కలపకముందే తేల్చుకోవాలి. తీసి చూశాక పెట్టుకునే హద్దు నిలవదు. మూడు కార్డుల రీడింగ్‌కు ఒక్క క్లారిఫయర్ చాలు. పది కార్డులు పరిస్తే రెండు, అవీ రెండు వేర్వేరు కార్డులకు. క్లారిఫయర్‌కు క్లారిఫయర్ లేదు. కలిపేటప్పుడు కట్ట నుంచి జారిపడే కార్డులను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది కూడా ముందే అనుకోవాలి, లేకపోతే పడ్డది నచ్చితే ‘సంకేతం’, నచ్చకపోతే ‘చేయి జారింది’ అవుతుంది. తీయడం అయిపోయాక కట్టను పెట్టెలో పెట్టి మూత వేయాలి. పరిచిన కార్డులు మాత్రం బల్ల మీదే ఉండాలి, వాటిని చదవడానికి ఎంతసేపైనా తీసుకోవచ్చు.

ఫోన్ యాప్‌లలో ఈ మూత ఉండదు. కలపడం ఉండదు, కార్డును చేత్తో తాకడం ఉండదు, వేలితో ఒక్కసారి నొక్కితే పాతదంతా చెరిగిపోయి కొత్త మూడు కార్డులు ప్రత్యక్షమవుతాయి. ప్రేమలో గందరగోళంగా ఉన్న రోజుల్లో యాప్‌ల జోలికి పోవద్దనే చెబుతాను. డబ్బులిచ్చి రీడర్ దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. అదనపు కార్డుకు అదనపు రుసుము అడిగే చోట ఆగమని చెప్పడం ఆ రీడర్‌కు నష్టం. ‘ఈ క్లారిఫయర్ ఏ కార్డుకు తీస్తున్నారండీ?’ అని అడగండి. మంచి రీడర్ వేలు పెట్టి చూపిస్తారు.

మన చిలక జోస్యంలో ఈ హద్దు ముందే ఏర్పాటై ఉంది. చిలక బయటికి వస్తుంది, ఒక కార్డు లాగుతుంది, మళ్లీ పంజరంలోకి వెళ్లిపోతుంది. మిగతాదంతా జోస్యుడి మాటల్లో జరగాల్సిందే. చైనా వాళ్ల ప్రాచీన ప్రశ్నగ్రంథం ‘ఇ చింగ్’లో కూడా నాలుగో అధ్యాయం ఈ మాటే చెబుతుంది: మొదటిసారి అడిగితే జవాబుంటుంది, అదే పనిగా రెండు మూడుసార్లు అడిగితే ఉండదు. ఏదో ఒకటి తీసి జవాబు చూసుకునే పద్ధతులు ఉన్న చోటల్లా ఈ సమస్య ఉందన్నమాట.

క్లారిఫయర్ కూడా అర్థం కాకపోతే? అలా జరుగుతుంది. ఆ అమ్మాయికి ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ బదులు మూన్ వచ్చిందనుకోండి: కుక్క, తోడేలు చంద్రుణ్ని చూసి మొరుగుతుంటాయి, నీళ్లలోంచి ఎండ్రకాయలాంటి జీవి పైకి పాకుతుంటుంది, దారి రెండు బురుజుల మధ్య నుంచి ఎటో పోతుంది. ఖాళీ ఏమిటని అడిగితే మసక వెలుతురు చూపించింది. ఇది విఫలమైన క్లారిఫయర్ అని నేననుకోను. ‘ఇది ఇంకా కనిపించే స్థితిలో లేదు’ అన్నదే దాని జవాబు. దాన్ని అలాగే రాసి, తేదీ వేసి, నాలుగు కార్డులకూ ఒక ఫొటో తీసుకుని పక్కన పెట్టాలి. వారం తర్వాత ఆ ఫొటో చూస్తే, అప్పుడు తట్టనిది తరచూ తడుతుంది. చూసేది పాత కార్డులనే కాబట్టి ఇది మళ్లీ తీయడం కిందికి రాదు.

మళ్లీ కార్డులు ఎప్పుడు వేయవచ్చు? నెల ఆగాలని కొందరు రీడర్లు గడువు పెడతారు. నేను క్యాలెండర్‌ను కాకుండా పరిస్థితిని చూడమంటాను. రెండు రీడింగుల మధ్య బయట ఏదో ఒకటి జరిగి ఉండాలి: ఒక సంభాషణ, ఒక కలయిక, ఒక నిర్ణయం, లేదా ఫలానా తేదీకల్లా రావలసిన జవాబు రాకపోవడం. ఏమీ జరగకుండా వేస్తే పాత పరిస్థితికే కొత్త బొమ్మలు వస్తాయి. రాత్రిళ్లు నిద్రలేచి మరీ కార్డులు తీస్తున్నా, తీయకపోతే ఆఫీసులో పని చేయలేకపోతున్నా అది కార్డులతో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే మాట్లాడేవాళ్లుంటారు, ఖర్చు లేదు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

మన ఉదాహరణలోని అమ్మాయి కాగితం చివర రెండు వాక్యాలు రాసుకుంది. ఒకటి అతన్ని అడగవలసింది: ‘పెళ్లి మాట ఎత్తితే మీరు ఆగిపోతున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు?’ రెండోది తను చెప్పవలసింది: పెళ్లయ్యాక కూడా తన జీతంలో కొంత అమ్మానాన్నలకు పంపాలనుకుంటోంది, ఈ ఐదు నెలల్లో ఆ మాట అతనితో అనలేదు. ఆదివారం కలిసినప్పుడు రెండూ మాట్లాడాలని తేదీ కూడా వేసుకుంది. ఆ తర్వాత ఎప్పుడైనా ఆమె కార్డుల ముందు కూర్చుంటే, అతను చెప్పిన జవాబు ఆమె చేతిలో ఉంటుంది. అప్పుడు అడగవలసింది దాని గురించే.